గాలి సన్నగిల్లి, ఇంట్లోకి నీళ్లు కార్చే స్ప్లిట్ ఏసీ: గ్యాస్ కొట్టించే ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: విజయవాడలో రెండో అంతస్తు ఫ్లాట్ మాది. 1.5 టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, కొని మూడేళ్లయింది. వారం నుంచి గాలి సరిగ్గా రావట్లేదు, వచ్చే కాస్త గాలి మాత్రం చల్లగానే ఉంది. రాత్రి వేసిన రెండు మూడు గంటలకి ముందు రెక్క దగ్గర, ఎడమ మూల దగ్గర నీళ్లు కారి మంచం తడుస్తోంది. నీళ్ల పైపు చివర బాల్కనీలో బకెట్లో పెట్టాం. మెకానిక్ వచ్చి గేజ్ పెట్టి, గ్యాస్ తగ్గింది నింపాలి అన్నాడు. నిజమేనా? ముందు నేనేం చూసుకోవచ్చు?

జవాబు:

గ్యాస్ ఇప్పుడే కొట్టించకండి. రెండు రోజులు ఆగినా మీకు పోయేదేమీ లేదు, తొందరపడి కొట్టిస్తే మాత్రం బాగున్న మెషీన్ పాడయ్యే అవకాశం ఉంది. గాలి తక్కువ, కానీ చల్లగా ఉంది అని రాశారు చూడండి, నేను ముందు పట్టుకునేది ఆ మాటనే. గ్యాస్ బాగా తగ్గిన ఏసీ సాధారణంగా దీనికి తిరగబడి ఉంటుంది, గాలి ధారాళంగా వస్తుంది కానీ ఆ గాలిలో చలి ఉండదు. గాలి సన్నగా, ముక్కు దగ్గర పెడితే జివ్వుమనేంత చల్లగా వస్తోందంటే లోపల చల్లదనం తయారవుతోంది, దాన్ని గదిలోకి మోసుకొచ్చే గాలికే దారి లేదు. నా అనుభవంలో ఈ రెండు లక్షణాలూ కలిసి వచ్చినప్పుడు ఎక్కువసార్లు తేలేది ఫిల్టరూ, బ్లోవరూ, డ్రెయిన్ పైపూ. ఈ మూడూ చూశాకే గ్యాస్ మాట.

గాలికీ నీళ్లకీ సంబంధం ఏంటో ముందు చెప్తాను, అది తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. ఇండోర్ యూనిట్లో ఫిల్టర్ వెనక సన్నటి అల్యూమినియం రేకులతో కాయిల్ ఉంటుంది. గదిలో గాలి దాని మీదుగా వెళ్లినప్పుడు, ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసుకి చెమట పట్టినట్టు, గాలిలోని తేమ ఆ రేకుల మీద నీళ్లుగా మారి కింద ఉన్న ట్రేలోకి జారుతుంది. ఉక్కపోత బాగా ఉన్న రోజుల్లో మీలాంటి 1.5 టన్ను ఏసీ గంటకి లీటరు నుంచి రెండు లీటర్ల దాకా నీళ్లు తీస్తుంది. ఈ నీళ్లని బయటికి తోయడానికి మామూలు స్ప్లిట్ ఏసీలో మోటారు ఏమీ లేదు, వాలు ఉంటే పోతాయి లేకపోతే పోవు, అంతే. అందుకే ఎండలు మండిపోయే మే నెలలో చుక్క కూడా కారని ఏసీ, వానలు మొదలయ్యాక ఒక్కసారిగా కారడం మొదలుపెడుతుంది. పైపు అడ్డం అప్పటికే సగం ఉంది, నీళ్లు తక్కువ కాబట్టి బయటపడలేదు.

ఇప్పుడు ఫిల్టర్ మూసుకుపోయిందనుకోండి. కాయిల్ మీదికి వెళ్లే గాలి తగ్గుతుంది. కాయిల్‌కి చలి ఇచ్చే పని ఆగలేదు, కానీ ఆ చలిని తీసుకెళ్లే వేడి గాలి రావట్లేదు, కాబట్టి కాయిల్ ఇంకా ఇంకా చల్లబడి సున్నా డిగ్రీల కిందికి పోతుంది. అప్పుడు రేకుల మీది నీళ్లు జారకుండా అక్కడే మంచు కడతాయి. మంచు కట్టగానే రేకుల మధ్య సందులు మూసుకుపోయి గాలి ఇంకా తగ్గుతుంది, గాలి తగ్గితే మంచు ఇంకా పెరుగుతుంది. మీకు వేసిన వెంటనే కాకుండా రెండు మూడు గంటలయ్యాక నీళ్లు కారుతున్నాయంటే నాకు అనుమానం ఇక్కడే. కాయిల్ దగ్గర ఉండే సెన్సార్ కంప్రెసర్‌ని ఆపినప్పుడో, గది చల్లబడి కంప్రెసర్ నెమ్మదించినప్పుడో ఆ మంచు ఒక్కసారిగా కరుగుతుంది. కొంత ట్రే పట్టలేనంత వేగంగా వస్తుంది, కొంత పెళ్లలుగా ఊడి ట్రేలో పడకుండా బ్లోవర్ మీద పడుతుంది. అదే ముందు రెక్క దగ్గర కారేది.

మెకానిక్ గేజ్ విషయానికొస్తే, ఆయన అబద్ధం చెప్పాడని నేను అనను. గేజ్‌లో ప్రెషర్ నిజంగానే తక్కువ చూపించి ఉంటుంది. కానీ ప్రెషర్ తగ్గడానికి గ్యాస్ పోవడం ఒక్కటే కారణం కాదు. కాయిల్ మీదికి గాలి వెళ్లకపోతే గ్యాస్‌కి వేడి తగలదు, వేడి తగలకపోతే ఆవిరయ్యేది తగ్గి సక్షన్ ప్రెషర్ పడిపోతుంది. ఉదాహరణకి ఆర్ 32 గ్యాస్ ఉన్న ఏసీలో గేజ్ సుమారు 100 పీఎస్ఐ చూపిస్తోందంటే కాయిల్ సున్నా డిగ్రీల దగ్గర ఉందని మాత్రమే అర్థం, ఎందుకు ఉందో గేజ్ చెప్పదు. పైగా మీది ఇన్వర్టర్, కంప్రెసర్ వేగాన్ని బట్టి ప్రెషర్ మారుతూనే ఉంటుంది, కాబట్టి ఒక్క అంకె చూసి తేల్చడం కుదరదు. మురికి ఫిల్టరు, మంచు కట్టిన కాయిలు అలాగే ఉంచి గేజ్ పెట్టి గ్యాస్ నింపితే, తర్వాత ఎప్పుడో శుభ్రం చేసినప్పుడు గాలి మామూలుగా వచ్చి, లోపల గ్యాస్ అవసరానికి మించి ఉండి కంప్రెసర్ మీద భారం పడుతుంది. కంప్రెసర్ పోయిందంటే బిల్లు ఎక్కడికో పోతుంది.

ఇక చేయాల్సినవి. ఏసీ రెండు మూడు గంటలు నడిచి గాలి బాగా తగ్గిన సమయంలో ఆపేసి, ముందు ప్యానెల్ ఎత్తి, ఫిల్టర్లు బయటికి లాగి టార్చి వేసి చూడండి. రేకుల మీద తెల్లగా మంచు ఉందా? ఉంటే ఎక్కడ ఉందో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. కాయిల్ అంతటా దాదాపు సమానంగా తెల్లగా ఉంటే గాలి సమస్య వైపు మొగ్గు. ఒక్క పక్కనే, రెండు మూడు వరసల్లోనే మంచు ఉండి మిగతా కాయిల్ పొడిగా, వెచ్చగా ఉంటే అప్పుడు గ్యాస్ అనుమానం. మంచు బాగా ముదిరిపోతే ఏ కారణమైనా మొత్తం పాకుతుంది కాబట్టి తొందరగా చూస్తేనే ఈ తేడా తెలుస్తుంది.

మంచు కనబడితే కత్తితో, స్క్రూడ్రైవర్‌తో పొరపాటున కూడా గీకకండి. ఆ రేకుల వెనక రాగి గొట్టం ఉంటుంది, దానికి బెజ్జం పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు, తడి దగ్గర కరెంటు వస్తువు ఎందుకు? రిమోట్‌లో ఫ్యాన్ మోడ్ పెట్టి, కింద మంచం జరిపేసి, పాత తువ్వాళ్లూ ఓ టబ్బూ పెట్టి గంటో రెండు గంటలో వదిలేయండి. మందంగా కడితే ఇంకా ఎక్కువ పడుతుంది. ఒకవేళ నీళ్లు కుడి పక్కన, అంటే బోర్డు ఉండే వైపు కారుతుంటే ఫ్యాన్ కూడా వద్దు, ఎంసీబీ కట్టేసి దానంతట అది కరగనివ్వండి.

మంచు కరిగాక మొదట ఫిల్టర్. ఎంసీబీ ఆఫ్ చేసి రెండు జాలీలూ తీయండి. వెలుతురుకి అడ్డం పెట్టి చూస్తే అవతలి వస్తువు మసగ్గా కూడా కనబడట్లేదంటే గాలి పోయే సందే లేదన్నమాట. కుళాయి నీళ్లు దుమ్ము పట్టిన వైపు నుంచి కాకుండా వెనక వైపు నుంచి పట్టండి, అప్పుడు దుమ్ము వచ్చిన దారినే బయటికి పోతుంది, లేదంటే జాలీ కన్నాల్లోకి ఇంకా దిగుతుంది. వంటింటి జిడ్డు ఉంటే గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి మెత్తటి బ్రష్షుతో రుద్దండి. వేడి నీళ్లు వద్దు, ఎండలో ఆరబెట్టొద్దు, ప్లాస్టిక్ ఫ్రేము వంకరపోతే గాడిలో సరిగ్గా కూర్చోదు, ఆ సందులోంచి దుమ్ము నేరుగా కాయిల్ మీదికి పోతుంది. నీడలో పూర్తిగా ఆరాకే బిగించండి. జాలీ మీద చిన్న చిన్న నల్లటి ముక్కలో, పీఎం 2.5 అని రాసి ఉన్న పలచటి పట్టీలో తగిలించి ఉన్నాయేమో కూడా చూడండి. వాటిలో చాలావరకు కడిగేవి కావు, మార్చేవి. మూడేళ్లుగా అవే ఉంటే అవే గాలికి అడ్డం. తీసి పక్కన పెట్టి చూడండి, అవి లేకపోయినా ఏసీకి ఏమీ కాదు.

మెయిన్ రోడ్డు పక్క ఇల్లయితే ఎండాకాలంలో వారానికోసారి, కాకపోతే పదిహేను రోజులకోసారి జాలీ కడగాలి. సర్వీసు వాళ్లొచ్చినప్పుడు కడుగుతారులే అని వదిలేస్తే నాలుగైదు నెలలు దుమ్ము పేరుకుంటుంది.

చాలామంది ఫిల్టర్ కడిగి, గాలి పెరగలేదని నిరుత్సాహపడి మళ్లీ గ్యాస్ దగ్గరికే వెళ్తారు. ఆగి బ్లోవర్ చూడండి. ఏసీ ఆఫ్‌లో, ఎంసీబీ ఆఫ్‌లో, ముందు రెక్కని చేత్తో మెల్లగా కిందికి వంచి టార్చి వేస్తే లోపల అడ్డంగా పొడుగాటి స్తూపం లాంటి ఫ్యాను కనిపిస్తుంది. దాని పొడుగునా సన్నటి వంపు తిరిగిన రెక్కలు వరసగా ఉంటాయి. గాలిని ఎత్తి పోసేది ఆ వంపే. ఆ వంపులో దుమ్ము, తేమ, అగరుబత్తి పొగ, వంటనూనె ఆవిరి కలిసి నల్లటి పొరలా గట్టిపడితే ఫ్యాన్ అదే వేగంతో తిరుగుతుంది, శబ్దం కూడా వస్తుంది, గాలి మాత్రం సగమే వస్తుంది. పాత టూత్‌బ్రష్షుతో ఒక రెక్కని గీకి చూడండి. బొచ్చులా పెచ్చు ఊడి వస్తే మీ గాలి ఎక్కడ పోయిందో తెలిసిపోయినట్టే. ఇంకో సంగతి, కాయిల్ రేకుల మధ్య మురికి ఉంటే నీళ్లు సాఫీగా కిందికి జారక, చుక్కలుగా నిలబడి, గాలికి ఎగిరి ఈ బ్లోవర్ మీద పడతాయి. బ్లోవర్ వాటిని ముందుకి చిమ్ముతుంది. ముందు రెక్క నుంచి ధారలా కాకుండా తుంపరలా నీళ్లు పడుతుంటే డ్రెయిన్ పైపు ఎంత శుభ్రం చేసినా ఆగవు, కాయిలూ బ్లోవరూ కడగాల్సిందే.

ఈ కడగడం మాత్రం మీరు చేయమని నేను చెప్పను. కింద ప్లాస్టిక్ సంచి కట్టి, బోర్డుకి కవరు చుట్టి, చిన్న జెట్ పంపుతో కడగడం మంచి మెకానిక్‌కి గంట పని. మీరు చూడాల్సింది ఒక్కటే. జెట్ నీళ్లు రేకులకి ఎదురుగా నిటారుగా పడాలి, పక్కవాటుగా కొడితే రేకులు వంగి ఒకదానికొకటి అతుక్కుని గాలికి కొత్త అడ్డం తయారవుతుంది. బ్లోవర్ నుంచి కారే నీళ్లు నల్లగా మొదలై తెల్లగా అయ్యేదాకా కడగమనండి. చాలా సర్వీసుల్లో కాయిల్ ముందు వైపు మాత్రం మెరిసేలా కడిగి బ్లోవర్ని ముట్టుకోరు.

ఇప్పుడు నీళ్ల దారి. ఎంసీబీ ఆఫ్‌లోనే ఉంచి ఒక చిన్న పరీక్ష చేయండి, ఇది అన్నిటికంటే విలువైనది. అర లీటరు సీసాలో మంచి నీళ్లు తీసుకుని, మూతకి సన్నటి కన్నం పెట్టి, ఫిల్టర్ తీసిన చోట కాయిల్ మీద ఎడమ సగంలో మెల్లగా పోయండి. కుడి వైపు బోర్డు ఉంటుంది, అక్కడ చుక్క పడకూడదు. మీ వాళ్లెవరినైనా బాల్కనీలో పైపు చివర దగ్గర నిలబెట్టండి. అయిదు నిమిషాలకి తీరిగ్గా పోస్తే, కాసేపటికి బయట దాదాపు అంతే నీళ్లు నిలకడగా రావాలి. కాయిల్ తడవడానికి, ట్రేలో మిగలడానికి కాస్త తగ్గొచ్చు. పోస్తుంటే బయట ఏమీ రాకుండా లోపల కారితే పైపు మూసుకుపోయింది. బయట చుక్క చుక్కగా మాత్రమే వస్తే సగం మూసుకుపోయింది. బయట బాగానే వస్తూ లోపల కూడా మూలలో కారితే పైపు తప్పు కాదు, ట్రే దగ్గరో జాయింట్ దగ్గరో లీకు, లేదా యూనిట్ వంకర.

మీ ఎడమ మూల కోసం ప్రత్యేకంగా చెప్తున్నాను. చాలా ఇండోర్ యూనిట్లలో ట్రేకి రెండు పక్కలా నీళ్లు పోయే రంధ్రాలు ఉంటాయి, ఒకదానికి పైపు తగిలిస్తారు, రెండోదానికి రబ్బరు బిరడా పెడతారు. మీ పైపు కుడి వైపు నుంచి వెళ్తుంటే ఎడమ వైపు బిరడా వదులైందేమో చూడాలి. అలాగే యూనిట్ పైభాగం మీద నీటిమట్టం పెట్టి చూడండి, నీటిమట్టం లేకపోతే సగం నీళ్లున్న చిన్న సీసాని పడుకోబెట్టినా తెలుస్తుంది. యూనిట్ సమంగా ఉండాలి, లేదా పైపు ఉన్న వైపుకి కాస్త వాలాలి. పైపుకి ఎదురు వైపు వాలితే నీళ్లు అటే పోగై అంచు దాటుతాయి. గోడ బిగింపు రేకు మేకులు వదులై మూడేళ్ల తర్వాత ఒక పక్క దిగడం నేను చాలా ఇళ్లలో చూశాను. కానీ మూడేళ్లు కారకుండా ఇప్పుడే మొదలైంది కాబట్టి మీ విషయంలో ముందు అనుమానం పైపు మీదే.

పైపు తీయడానికి జనం మొదట చేసేది బయటి చివర నుంచి గాలి ఊదడం, నోటితోనో సైకిల్ పంపుతోనో కంప్రెసర్‌తోనో. దయచేసి అలా చేయకండి. లోపల ఉండేది నల్లటి జిగురు, అది దుమ్ము, తేమ కలిసి పెరిగిన నాచులాంటిది. బయట నుంచి గట్టిగా ఊదితే ఆ జిగురంతా ట్రేలోకి వెళ్లి, అక్కడి నుంచి గది గోడ మీదికి చిమ్ముతుంది, రెండు రోజుల్లో మళ్లీ అదే వచ్చి అడ్డం పడుతుంది. అంతకంటే చెడ్డది, యూనిట్ వెనక పైపు జాయింట్ ఊడొచ్చు. అది చాలాచోట్ల టేపు చుట్టి వదిలేసిన జాయింటే. ఊడితే నీళ్లు గోడ వెనక నుంచి కారి, సున్నం ఉబ్బి, కారణం తెలియక నానా అవస్థ పడతారు. బయటి నుంచి ఊదకూడదు, పీల్చాలి. నీళ్లు పీల్చగల వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే పైపు చివరకి పెట్టి, చుట్టూ తడి గుడ్డ బిగించి, ఒకటి రెండు నిమిషాలు లాగండి. మామూలు పొడి వ్యాక్యూమ్ క్లీనర్‌తో చేయకండి, మోటారులోకి నీళ్లు పోతాయి. అది లేకపోతే మెకానిక్‌ని పిలిచి, లోపలి జాయింట్ దగ్గర విప్పి అక్కడి నుంచి బయటి వైపుకి నీళ్లతో, గాలితో కొట్టమనండి. వచ్చే చెత్త వెళ్లాల్సిన దారి అదే. తర్వాత ఓ లీటరు గోరువెచ్చని నీళ్లలో గిన్నెల ద్రవం నాలుగు చుక్కలు కలిపి అదే పైపులో వదలండి. యాసిడ్, బాత్రూం క్లీనర్, బ్లీచింగ్ నీళ్లు వద్దు, ట్రే మీదుగా కాయిల్‌కి తగిలితే అల్యూమినియం తినేస్తాయి.

బాల్కనీ బకెట్ సంగతి ఇప్పుడు. పైపు చివర బకెట్లో నీళ్లలో మునిగి ఉంటే అది మీ కష్టాల్లో ఒకటి. పైనుంచి నీళ్లు రావాలంటే పైపులో ఉన్న గాలి ముందుకి పోవాలి, చివర నీళ్లలో మునిగి ఉంటే ఆ గాలికి దారి లేక మధ్యలో బుడగలా నిలబడుతుంది, నీళ్లు వెనక్కి తంతాయి. రాత్రి మొదట్లో బకెట్ ఖాళీగా ఉంటుంది కాబట్టి అంతా బాగుంటుంది, రెండు మూడు గంటలయ్యాక చివర మునుగుతుంది, అప్పుడు లోపల కారడం మొదలవుతుంది. మీ టైమింగ్ దీనికి కూడా సరిపోతోంది. అంటే మీకు మంచు, మునిగిన పైపు రెండూ ఒకేసారి ఉండొచ్చు. ఈ రాత్రే పైపు చివర బకెట్ అంచుకి పైన, గాలిలో వేలాడేలా కట్టి చూడండి, రూపాయి ఖర్చు లేదు. పైపు దారి పొడుగునా కూడా చూడండి. మీటరుకి కనీసం సెంటీమీటరు చొప్పున వాలుతూ ఉండాలి, మధ్యలో ఎక్కడా వేలాడి మళ్లీ పైకి లేవకూడదు. ముడతల ముడతల మెత్తటి పైపు అయితే ఎండకి సాగి, ఇలాంటి గుంతలు ఏర్పడటం మామూలే, ఆ గుంతలోనే జిగురు చేరుతుంది. బయట భాగం వరకు గట్టి పీవీసీ పైపు వేయిస్తే ఈ గొడవ ఉండదు. చివర కన్నంలో మట్టి గూడు కట్టే కందిరీగలు కూడా అడ్డం పెడతాయి, సన్నటి దోమల జాలీ ముక్క కడితే సరి, కానీ అది కూడా మూసుకుపోతుంది కాబట్టి ఫిల్టర్ కడిగినప్పుడల్లా చూడాలి.

ఒక ఇంటి సంగతి పూర్తిగా చెప్తాను, మీ కేసుకి దగ్గరగా ఉంది. మచిలీపట్నంలో పడకగది ఏసీ, ఒక టన్ను, వానాకాలం. ఇంటావిడ ఫిల్టర్ క్రమం తప్పకుండా కడుగుతారు. అయినా గాలి తక్కువ, నీళ్లు కారడం. నేను వెళ్లేసరికే అదే సీజన్లో వేరేవాళ్లు రెండుసార్లు గ్యాస్ నింపారు. నింపిన ప్రతిసారీ ఓ వారం బాగుండేది, కానీ అలా బాగవడం గ్యాస్ వల్ల కాదు, నింపడానికి వచ్చినప్పుడు ఏసీ గంటలపాటు ఆపి ఉంచడంతో మంచు కరిగిపోవడం వల్ల. నేను థర్మామీటర్ పెట్టి చూస్తే లోపలికి వెళ్లే గాలి 29 డిగ్రీలు, బయటికి వచ్చేది 9. ఇరవై డిగ్రీల తేడా. మామూలుగా అయితే 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉండాలి, ఉక్క ఎక్కువున్న రోజు ఇంకాస్త తక్కువ కూడా ఉంటుంది. తేడా ఇంత ఎక్కువ ఉందంటే గాలి చాలా తక్కువ పరిమాణంలో, చాలా సేపు కాయిల్ మీద నిలబడి వెళ్తోందని అర్థం. ఫిల్టర్ తీసేసి చూసినా మార్పు లేదు. బ్లోవర్ రెక్కలు చూస్తే వంపు కనబడకుండా పూడిపోయి ఉన్నాయి, పక్కనే పూజగది, రోజూ అగరుబత్తి పొగ. కాయిల్ ముందు భాగం శుభ్రంగానే ఉంది కానీ పైన వెనక్కి వంగిన భాగం, సర్వీసులో ఎవరి చెయ్యీ పోని చోటు, నిండా మురికి. నీళ్ల పరీక్ష చేస్తే బయట చుక్క చుక్కగా వచ్చింది, పీలిస్తే జిగురుతో పాటు మట్టి ఉండ ఒకటి వచ్చింది. కడిగి ఆరబెట్టి మళ్లీ వేస్తే 28కి 17, పదకొండు డిగ్రీల తేడా, గాలి మంచం అవతలి చివరకి తగులుతోంది. కానీ అప్పుడు ప్రెషర్లు ఎక్కువ చూపించాయి, ఎందుకంటే అవసరం లేని గ్యాస్ రెండుసార్లు నింపారు కదా. మొత్తం గ్యాస్ తీసి, వ్యాక్యూమ్ చేసి, అవుట్‌డోర్ స్టిక్కర్ మీద రాసి ఉన్న గ్రాముల లెక్కన తూకం వేసి నింపాల్సి వచ్చింది. ఆ ఖర్చంతా ఇంటావిడ మీదే పడింది. మొదటి రోజే బ్లోవర్ చూసి ఉంటే సర్వీసు డబ్బులతో అయిపోయేది.

గ్యాస్ నిజంగా తగ్గిందో లేదో కూడా చూసుకోవచ్చు. అవుట్‌డోర్ యూనిట్ దగ్గర రెండు రాగి పైపులు ఉంటాయి, ఒకటి సన్నది, ఒకటి లావుది. బాల్కనీలో చేతికి అందేలా ఉంటేనే చూడండి, వంగి వేలాడి చూడొద్దు. ఫిల్టర్ కడిగి, మంచు పూర్తిగా కరిగాక, చల్లదనం మోడ్‌లో అరగంట నడిపి చూడాలి. లావు పైపు చల్లగా, చెమట పట్టి ఉంటే మంచిదే. సన్న పైపు వాల్వు దగ్గర తెల్లగా మంచు పట్టి, లావు పైపు మాత్రం వెచ్చగా, పొడిగా ఉంటే గ్యాస్ తగ్గిందనడానికి అది గట్టి గుర్తు. లావు పైపు మీద కూడా మంచు పాకి వస్తుంటే తప్పు ఇంకా గాలి దగ్గరే ఉంది. గ్యాస్ తగ్గిందని తేలినా నేరుగా నింపించకండి. స్కూటర్ పెట్రోలులా అది వాడకానికి అయిపోయేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది, తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. నట్టు జాయింట్ల దగ్గర సబ్బు నురగ పెట్టి, లేదా నైట్రోజన్ ఎక్కించి లీకు పట్టుకున్నాకే నింపాలి. ఆర్ 32 మండే గుణం ఉన్న గ్యాస్ కూడా, దాన్ని ఇంట్లో ఇష్టమొచ్చినట్టు వదలనివ్వకండి.

ఇంకో చిన్న విషయం. రాత్రి 16 పెట్టి ఫ్యాన్ తక్కువలో ఉంచి పడుకునే అలవాటు ఉంటే మానండి. 16 పెడితే గది తొందరగా చల్లబడదు, ఇన్వర్టర్ ఎక్కువసేపు గట్టిగా నడుస్తుంది, తక్కువ ఫ్యాన్‌తో గాలి ఎలాగూ తక్కువ, మంచు కట్టడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి లేదు. 24 నుంచి 26 మధ్యలో పెట్టి, ఫ్యాన్ ఆటోలో గానీ మధ్యస్థంగా గానీ ఉంచండి. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్‌తోనే రావాలని నియమం ఉంది, మీది కూడా అలాగే వచ్చి ఉంటుంది.

ఫిల్టర్, బ్లోవర్, కాయిల్, పైపు అన్నీ బాగున్నా మళ్లీ మంచు కడితే అప్పుడు కాయిల్ సెన్సార్ చూపించండి. కాయిల్ గొట్టానికి ఆనుకుని ఉండే చిన్న రాగి బుడిపె అది, సర్వీసు చేసేటప్పుడు క్లిప్పు నుంచి జారి గాలిలో వేలాడితే కాయిల్ గడ్డకట్టినా ఏసీకి తెలియదు. బ్లోవర్ మోటారు వేగం తగ్గడం కూడా ఉంటుంది, ఫ్యాన్ ఎక్కువకి పెట్టినా శబ్దం మారకపోతే మోటారో బోర్డో అనుకోవాలి. ఈ రెండూ మీటరు ఉన్న మెకానిక్ పని, మీరు బోర్డు కవరు విప్పకండి.

ఈ రాత్రికి బకెట్లో పైపు ఎత్తి కట్టండి, రేపు పగలు ఫిల్టరు, నీళ్ల పరీక్ష. పోసిన అర లీటరులో బయట ఎంత వచ్చింది, లోపలికి వెళ్లే గాలి, బయటికి వచ్చే గాలి ఎన్ని డిగ్రీలు ఉన్నాయి, బ్లోవర్ రెక్క గీకితే ఏమొచ్చింది, ఇవి ఫొటోలతో సహా ఇక్కడే రాయండి, అవి చూసి మెకానిక్‌ని ఏ పనికి పిలవాలో చెప్తాను.